ఒత్తు ఎక్కడ పెట్టాలి? మాట చుట్టాలను అడగండి

అతిథి అన్న మాటను ఒకసారి పైకి అనండి. మనలో చాలామంది నోట అది ‘అతిధి’ అనే వస్తుంది. కథ ‘కధ’ అవుతుంది, రథం ‘రధం’ అవుతుంది, గ్రంథం ‘గ్రంధం’ అవుతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు ధనం ‘దనం’గా, భయం ‘బయం’గా కూడా వినిపిస్తాయి. వినేవాళ్లకు ఇదేమీ అడ్డు కాదు. చిక్కంతా కలం పట్టినప్పుడే. చెవికి వినిపించినట్టు రాస్తే కొన్ని మాటలు తప్పుతాయి. ఆ భయంతో కనిపించిన ప్రతి దకూ బకూ ఒత్తు తగిలిస్తే ఇంకొన్ని తప్పుతాయి. ‘సంభంధం’, ‘ఉద్ధేశం’, ‘నిశ్శబ్ధం’ ఈ రెండో రకానివి. రాసినవారు ఒత్తు తెలియక పొరపడలేదు, ఒత్తు ఉండే తీరాలనుకుని పొరపడ్డారు.

చెవి సాక్ష్యం చెల్లని చోట ఇంకో సాక్షి కావాలి. సంస్కృతం నుంచి వచ్చిన మాటకు ఆ సాక్షి దాని చుట్టాలే. ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు చాలావరకు ఒత్తును ఒకేలా మోస్తాయి. ఒక మాట దగ్గర అనుమానం వస్తే, అదే ఇంటికి చెందిన, మీకు అనుమానం లేని ఇంకో మాటను తలుచుకోవాలి. ఈ అధ్యాయం మీకు నేర్పేది ఆ తలుచుకునే పద్ధతే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. బడిలో ‘ఒత్తు’ అన్న పేరును రెంటికి వాడతారు. ‘అమ్మ’లో మ కింద వచ్చేదీ ఒత్తే, ‘భ’లో ఉన్నదీ ఒత్తే. ఇక్కడ ఒత్తు అంటే ఊపిరి ఒత్తి పలికే ఖ ఘ ఛ ఝ ఠ ఢ థ ధ ఫ భలు మాత్రమే. వ్యాకరణంలో వీటిని మహాప్రాణాలంటారు. ఒత్తు లేని క గ చ జ ట డ త ద ప బలు అల్పప్రాణాలు. రోజువారీ రాతలో ఎక్కువ గొడవ త, ద, బ, టల దగ్గరే వస్తుంది. సుఖం, సంఘం, మేఘం, లేఖ వంటి మాటల్లో తడబడేవారు తక్కువ. అందుకే గొడవ ఉన్న చోటే ఎక్కువసేపు ఆగుదాం.

1. మాట ఎక్కడిదో ముందు తేల్చండి

అచ్చ తెలుగు మాటకు ఒత్తు ఉండదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు 36 అక్షరాలే లెక్కపెట్టాడు. ఖ, ఘ, థ, ధ, భ వంటివి ఆ లెక్కలో లేవు. పెద్ద, ఎద్దు, ముద్ద, అద్దం, దిద్దు, గంప, బండి వంటి మాటల్లో ఒత్తు కోసం వెతకనక్కర్లేదు.

సంస్కృతం నుంచి వచ్చినా తెలుగు నోట నలిగి రూపు మారిన మాటలూ ఉన్నాయి. వీటిని తద్భవాలంటారు. రూపు మారినప్పుడు ఒత్తు కూడా పోతుంది. భిక్షం బిచ్చం అయింది, పీఠం పీట అయింది, ఘంట గంట అయింది, ముఖం మొగం అయింది, భాష బాస అయింది, చతుర్థి చవితి అయింది. ఇక్కడ రెండు రూపాలూ సరైనవే, రెంటినీ కలపడమే తప్పు. ‘భిచ్చం’ అని గానీ ‘పీఠ వేసుకుని కూర్చో’ అని గానీ రాయకూడదు. ‘బిక్ష’ అని రాసినా పొరపాటే, ఎందుకంటే ‘క్ష’ అలాగే నిలిచి ఉందంటే మాట ఇంకా సంస్కృత రూపంలోనే ఉందన్నమాట. గుడిలో వేలాడేది ఘంట అన్నా గంట అన్నా ఒప్పే. సమయం చెప్పేటప్పుడు మాత్రం గంటే.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: మాట సంస్కృత రూపంలోనే ఉందా? ఉంటేనే ఒత్తు ఉండే అవకాశం ఉంది. అవకాశమే గానీ తప్పనిసరి కాదు. దానం, దీపం, ద్వారం, బలం, బాలుడు, బీజం, విద్య, వస్తువు, పుస్తకం అన్నీ సంస్కృతమే అయినా వీటిలో ఒక్క ఒత్తూ లేదు.

2. థ చిన్న ఇల్లు, ధ పెద్ద ఇల్లు

థ, ధ రెండూ మన నోట దాదాపు ఒకేలా పలుకుతాయి. పొరపాటు మాత్రం ఎక్కువగా ఒకవైపే జరుగుతుంది. ధ ఉండాల్సిన చోట థ రాసేవారు అరుదు. థ ఉండాల్సిన చోట ధ రాసేవారే ఎక్కువ. కంటికీ ఇవి దగ్గరివే. థ నడుమ చుక్క ఉంటుంది, ధలో ఉండదు. గబగబా రాసే చేతి నుంచి ముందు జారిపోయేది ఆ చుక్కే.

దీనికి దారి సులువే. ధ ఉన్న మాటలు లెక్కకు మిక్కిలి, ఎందుకంటే ధతో మొదలయ్యేవీ ధతో ముగిసేవీ అయిన ధాతువులు సంస్కృతంలో చాలా ఉన్నాయి. ‘ధా’ అంటే ఉంచడం. విధి, నిధి, సంధి, పరిధి, అవధి, ఉపాధి, సమాధి, వ్యాధి, విధానం, ప్రధానం అన్నీ దాని సంతానమే. బంధం, బోధ, సాధన, క్రోధం, విరోధం, ఆరాధన, బాధ, స్పర్ధ ఇతర ధాతువుల నుంచి వచ్చాయి. ఇంత పెద్ద ఇంటిని బట్టీ పట్టడం కష్టం. థ ఇల్లు చిన్నది, దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. వాడుకలో తరచు ఎదురయ్యే థ మూలాలు ఇవి:

అర్థ, కథ, గాథ, పథ, రథ, నాథ, గ్రంథ, తీర్థ, ప్రథమ, తిథి, వ్యథ, శపథ, మథన, మిథ్య, శిథిల, పృథ్వి, చతుర్థ. వీటికి తోడు చివర ‘థా’ వచ్చే యథా, తథా, వృథా, అన్యథా.

ఒక్కో మూలం ఎంతమందిని వెంట తెస్తుందో చూడండి. రథం తెలిస్తే సారథి తెలిసినట్టే, దశరథుడు, దాశరథి, భగీరథుడు, మనోరథం తెలిసినట్టే. నాథుడు తెలిస్తే అనాథ అంటే నాథుడు లేనివాడని తెలుస్తుంది, ఇక ‘అనాధ’ రాయరు. పథం తెలిస్తే పథకం, పథికుడు వస్తాయి. తిథి లేకుండా, అంటే ముందుగా రోజు చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని చెప్పే వివరణ మీరు వినే ఉంటారు. రాతకు అది చక్కటి గుర్తు.

అన్నిటికంటే పెద్ద సంసారం ‘అర్థ’ది. అర్థం అంటే భావం, ప్రయోజనం, ధనం. కోరడం అన్న భావం కూడా ఈ మూలంలోనే ఉంది. విద్యను కోరేవాడు విద్యార్థి, శరణు కోరేవాడు శరణార్థి, పదవి కోరేవాడు అభ్యర్థి, దేవుణ్ణి కోరుకోవడం ప్రార్థన. తన ప్రయోజనమే చూసుకుంటే స్వార్థం. పదార్థం, సమర్థుడు, సామర్థ్యం, అర్థశాస్త్రం కూడా ఈ ఇంటివే. దీని పక్కనే ‘అర్ధ’ ఉంది. దానికి ఒకే పని, సగం అని చెప్పడం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు, అర్ధశతాబ్దం. పరీక్ష ఇంతే: ఆ చోట ‘సగం’ అని పెట్టి చూడండి. కుదిరితే ధ, కుదరకపోతే థ. ‘విద్యార్ధి’ అని రాస్తే సగం చదువు చదివినవాడని చదువుకోవాల్సి వస్తుంది.

ఈ రెండు ఇళ్లకూ హద్దు మీద నిలిచే జంట ప్రథమ, ప్రధాన. ప్రథమ అంటే మొదటిది, థ మూలాల పట్టికలో ఉంది. ప్రధానంలో ‘ధా’ ఉంది, ప్రధాని అక్కడి నుంచే వచ్చాడు. ‘ప్రధమ బహుమతి’ అని ప్రశంసాపత్రాల మీద అచ్చయినప్పుడు ఈ రెండూ కలగలిసిపోయాయన్నమాట.

3. జంట అక్షరంలో ఒత్తు కిందిదానికే

శ్రద్ధను ‘శ్రధ్ద’ అనీ ‘శ్రధ్ధ’ అనీ రాసినవి చూస్తుంటాం. ఇలాంటి జంటల్లో ఒత్తు ఎప్పుడూ రెండో అక్షరానిదే. ద్ధ, బ్ధ, గ్ధ, చ్ఛ, త్థ అని రాయాలి. కారణం నోటిలోనే ఉంది. మొదటి హల్లు దగ్గర నాలుకో పెదవులో గాలిని మూసి ఉంచుతాయి. ఊపిరి బయటికి దూకేది రెండో హల్లు తెరుచుకున్నప్పుడే. అందుకే స్వచ్ఛం, ఇచ్ఛ, తుచ్ఛం, ఉత్థానం. మధ్య, ముఖ్యం, విఘ్నం, అభ్యాసం ఈ సూత్రానికి అడ్డు రావు. య, న వంటివి నోటిని పూర్తిగా మూసి గాలిని బిగబట్టే హల్లులు కావు కాబట్టి వాటి ముందు ఒత్తు నిలుస్తుంది.

ఒత్తు కింద ఉంటుందని తెలిసింది. అసలు ఉందో లేదో తేల్చేదెలా? మాటను విడదీయండి. విడదీస్తే మూడు దారులు కనిపిస్తాయి.

మొదటి దారి: రెండో ముక్క దానంతట అదే ఒక మాట. అప్పుడు ఆ మాటకు ఏది ఉంటే అదే రాయాలి. ఉత్, దేశం కలిస్తే ఉద్దేశం. దేశానికి ఒత్తు లేదు కాబట్టి ఇక్కడా లేదు. తత్, దినం కలిస్తే తద్దినం. వాక్, దానం కలిస్తే వాగ్దానం. సత్, ధర్మం కలిస్తే సద్ధర్మం, ఎందుకంటే ధర్మానికి ఒత్తు ఉంది. ఉత్, భవం కలిస్తే ఉద్భవం. సత్, బుద్ధి కలిస్తే సద్బుద్ధి, అందులో బకు ఒత్తు లేదు, చివర ధకు ఉంది.

రెండో దారి: రెండో ముక్క హతో మొదలవుతుంది. అప్పుడు హ ధగా మారుతుంది. ఉత్, హరణ కలిస్తే ఉద్ధరణ. పద్, హతి కలిస్తే పద్ధతి. తత్, హితం కలిస్తే తద్ధితం. ‘పద్దతి’ అని రాస్తే ఆ హ ఊరికే మాయమైనట్టు.

మూడో దారి: రెండో ముక్క మాట కాదు, వట్టి ‘త’ లేదా ‘తి’ ప్రత్యయం. ఇక్కడ ఒక వింత జరుగుతుంది. ధాతువు చివర ఉన్న ఒత్తు తనను తాను వదులుకుని పక్కనున్న తకు అప్పగిస్తుంది. ‘బుధ్’కు ‘తి’ చేరితే బుద్ధి, ‘లభ్’కు ‘తి’ చేరితే లబ్ధి. వ్యాకరణం గుర్తులేకపోయినా ఫర్వాలేదు, చుట్టాన్ని పిలవండి. బుద్ధికి బోధ చుట్టం, సిద్ధికి సాధన, శుద్ధికి శోధన, వృద్ధికి వర్ధిల్లు, యుద్ధానికి యోధుడు, విరుద్ధానికి విరోధం. అలాగే లబ్ధికి లాభం, క్షుబ్ధానికి క్షోభ, లుబ్ధుడికి లోభం. చుట్టంలో ధ గానీ భ గానీ ఉంటే జంటలో కింద ధ ఉంటుంది. చుట్టంలో హ ఉన్నా ఇంతే. దహనం నుంచి దగ్ధం, మోహం నుంచి ముగ్ధ, స్నేహం నుంచి స్నిగ్ధం, సందేహం నుంచి సందిగ్ధం వచ్చాయి.

ఇప్పుడు ‘శబ్దం’ సంగతి తేలిపోతుంది. దానికి ‘శాభం’ అనో ‘శోభన’ అనో చుట్టం ఉందా? శోభన వేరే ధాతువుది, దానికీ శబ్దానికీ సంబంధం లేదు. ఒత్తు అప్పగించే చుట్టమే లేదు, కాబట్టి శబ్దం, నిశ్శబ్దం. దశాబ్దం, శతాబ్దం కూడా ఇలాంటివే. అబ్దం అంటే సంవత్సరం. ‘అప్’ అంటే నీరు, ‘ద’ అంటే ఇచ్చేది. మబ్బుకూ సంవత్సరానికీ అదే పేరు. అదే నీటిని ‘ధరించేది’, అంటే ‘ధి’ చేరినది, అబ్ధి, సముద్రం. దశాబ్ధం అని రాస్తే పదేళ్ల కాలంలోకి అక్కర్లేని సముద్రం వచ్చి చేరుతుంది.

4. నిలిచేది స్థ

స్త, స్థ దగ్గర తేడా చెప్పేది ‘స్థా’ అనే ధాతువు. దాని అర్థం నిలవడం, ఒక చోట ఉండడం. స్థలం, స్థానం, స్థితి, స్థిరం, అవస్థ, వ్యవస్థ, సంస్థ దాని నుంచి వచ్చాయి. ఇంట్లో ఉండేవాడు గృహస్థు, ఒడ్డున నిలిచేవాడు తటస్థుడు, తనలో తాను నిలిచి ఉండడం స్వస్థత. ‘ప్ర’ చేరితే నిలిచిన చోటు విడిచి సాగిపోవడం ప్రస్థానం. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో స్థ అందుకే. ప్రస్తావన, ప్రస్తుతం వేరు. వాటిలో ఉన్నది పొగడడాన్ని చెప్పే ‘స్తు’. స్తుతి, స్తోత్రం దాని చుట్టాలు.

స్తకు ఇంకో పెద్ద మూలం ‘అస్తి’. దాని అర్థం ‘ఉంది’. ఉందనేవాడు ఆస్తికుడు, లేదనేవాడు నాస్తికుడు, ఉండడమనే భావం అస్తిత్వం, మేలు ఉండాలని చెప్పేది స్వస్తి. ‘తథాస్తు’లో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. తథాలో థ, అస్తులో త. ఎముకకు మాత్రం అస్థి అని పేరు. అస్థికలు, అస్థిపంజరం అక్కడివే. ‘తాత ఆస్థి పంచుకున్నారు’ అని రాస్తే పంచుకున్నవి పొలాలో ఎముకలో అనుమానం వస్తుంది.

అర్థాన్ని పట్టుకుని వెళ్లే ఈ పరీక్ష రెండు చోట్ల బెడిసికొడుతుంది. స్తంభం, స్తూపం నిలిచి ఉండేవే. అయినా వాటి మూలాలు వేరు, వాటికి ఒత్తు లేదు. ‘స్థంభం’, ‘స్థూపం’ తప్పు. లావు అని చెప్పే స్థూలానికి ఒత్తు ఉంది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోవడమే మార్గం.

స్థాకు ముందు ఇ గానీ ఉ గానీ ఉన్న ఉపసర్గ వస్తే స్థ సాధారణంగా ష్ఠ అవుతుంది. ప్రతిష్ఠ, నిష్ఠ, అధిష్ఠానం, అనుష్ఠానం అలా వచ్చాయి. యుద్ధంలో స్థిరంగా నిలిచేవాడు యుధిష్ఠిరుడు. ‘అన్నిటికంటే’ అని చెప్పే ఇష్ఠ ప్రత్యయానికీ ఠయే. శ్రేష్ఠం, జ్యేష్ఠుడు, కనిష్ఠం, గరిష్ఠం, బలిష్ఠుడు. వాతావరణ వార్తల్లో వచ్చే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఈ కోవవే.

మిగతావి చాలావరకు ష్ట. వీటికీ చుట్టాల పరీక్ష ఉంది. శ, ష ఉన్న మాట దగ్గర్లో కనిపిస్తే అది ష్ట. నష్టానికి నాశనం, దృష్టికి దర్శనం, పుష్టికి పోషణ, వృష్టికి వర్షం, దుష్టుడికి దోషం, నిర్దిష్టానికి నిర్దేశం, విశిష్టానికి విశేషం. వసిష్ఠుడికి ఠ ఉందని విశిష్టానికీ ఠ పెట్టడం బాగా కనిపించే పొరపాటు. విశేషాన్ని తలుచుకుంటే అది తప్పుతుంది.

5. ముందున్న ముక్కను తీసి చూడండి

సం, నిర్, దుర్, ప్ర, వి వంటి ఉపసర్గలు చేరినా వెనకున్న మాట ఒత్తు మారదు. మనం తప్పేది ఉపసర్గతో కలిపి మాటను ఒకే ముద్దగా వినడం వల్ల. ముద్దను విడదీస్తే చాలు. సం తీస్తే బంధం మిగులుతుంది, కాబట్టి సంబంధం. ‘భంధం’ అని ఎవరూ రాయరు. నిర్బంధమూ అంతే. నిర్ తీస్తే భయం మిగిలే చోట నిర్భయం. దుర్బలంలో బలం ఉంది, దుర్భిక్షంలో భిక్ష ఉంది. ప్రబలంలో బలం ఉంది, ప్రభావంలో భావం ఉంది. నిర్ధారణలో ధారణ ఉంది, నిర్దయలో దయ ఉంది.

విభేదంలో ఇంకో చిక్కు ఉంది. వి తీస్తే మిగిలేది భేదం. ‘బేధం’ అని రాస్తే ఒత్తు రెండో అక్షరానికి జారిపోయినట్టు. ‘భాద్యత’లో జరిగింది దీనికి తలకిందులు. బాధ నుంచి బాధ్యత వచ్చింది, ఒత్తు రెండోదానికే ఉండాలి. ఒక మాటలో ఒక ఒత్తు ఉందని లీలగా గుర్తుండి, ఎక్కడో గుర్తులేనప్పుడు ఇలా జరుగుతుంది. ఈ రెంటినీ జంటగా గుర్తుపెట్టుకోండి: భేదంలో ముందు, బాధలో వెనక.

6. ఒక కరపత్రం దిద్దుదాం

ఇది ఉదాహరణ కోసం నేను కూర్చిన ప్రకటన. ముందు మీరే పెన్సిలు తీసుకుని తప్పులు గుర్తించండి.

“గ్రంధాలయ ప్రధమ వార్షికోత్సవ సంధర్భంగా విధ్యార్ధులకు వ్యాసరచన పోటీ. పుస్తక పఠనంపై శ్రద్ద పెంచడమే మా ఉద్ధేశం. ముఖ్య అతిధిగా విశిష్ఠ రచయిత ఒకరు వస్తారు. గ్రామస్తులందరూ పాల్గొనవలసిందిగా ప్రార్ధన. నిశ్శబ్ధం పాటించడం అందరి భాద్యత.”

తప్పిన మాటలు 12. గ్రంథం, ప్రథమ, అతిథి, ప్రార్థన థ పట్టికలో ఉన్నవే, ప్రార్థన అర్థ ఇంటిది. కాబట్టి గ్రంథాలయ, ప్రథమ, అతిథిగా, ప్రార్థన. ‘విధ్యార్ధులకు’లో రెండు తప్పులు. విద్యకు ఒత్తు లేదు, కోరడం అనే అర్థికి థ ఉంది. రెండూ దిద్దితే విద్యార్థులకు. సందర్భంలో సం తీస్తే దర్భ మిగులుతుంది. దకు ఒత్తు లేదు, భకు ఉంది.

శ్రద్ధను విడదీస్తే శ్రత్, ధా. రెండో ముక్కలో ధ ఉంది, కాబట్టి ద్ధ. ఉద్దేశంలో రెండో ముక్క దేశం, కాబట్టి ద్ద. ఒకే వాక్యంలో ఒక చోట ఒత్తు పోయి, ఇంకో చోట అక్కర్లేనిది వచ్చింది. చెవి మీద ఆధారపడితే ఇలాగే జరుగుతుంది. విశేషానికి చుట్టం కాబట్టి విశిష్ట. గ్రామంలో ఉండేవారు కాబట్టి గ్రామస్థులు. చుట్టం లేని శబ్దం కాబట్టి నిశ్శబ్దం. బాధ ఇంటిది కాబట్టి బాధ్యత.

పఠనం, ముఖ్య అన్న మాటలను కూడా కొట్టేశారా? అవి సరైనవే. పఠనం, పాఠం, పాఠశాల ఒక ఇంటివి, ఠతో రాయాలి. పాడు నుంచి వచ్చిన ‘పాట’ మాత్రం తెలుగు మాట, దానికి ఒత్తు లేదు.

7. ఈ పద్ధతి పనిచేయని చోట్లు

వాడుక స్థిరపడిన కొన్ని మాటలు మూలాన్ని దాటిపోయాయి. సంస్కృతంలో వీథి, తెలుగు రాతలో స్థిరపడింది వీధి. మూలాన్ని చూపించి దాన్ని దిద్దబోతే చదివేవారికే ఇబ్బంది. ‘గ్రామస్తులు’ అన్న రూపం పత్రికల్లో బాగా కనిపిస్తుంది. మీరు రాసే చోట ఒక పద్ధతి ఉంటే దాన్నే మొదటి నుంచి చివరి దాకా పాటించండి.

తెలుగు అంకెల్లోనూ ఒత్తు చోటు చేసుకుంది. నలుబది వాడుకలో నలభై అయింది. యాభై, ఎనభై, తొంభై కూడా ఇలాగే స్థిరపడ్డాయి. ఘుమఘుమ, ఝల్లు, ఛీ వంటి ధ్వని మాటలకు ధాతువు వెతకడం వృథా. ఖర్చు, ఖాళీ, ఖైదు ఉర్దూ దారిన వచ్చాయి, వాటికి సంస్కృత చుట్టాలు ఉండవు. మనుషుల పేర్లను వారు రాసుకున్నట్టే రాయాలి.

ఫోనులో టైపు చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. గీత, సీత పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు త కోసం టీ పక్కన హెచ్ చేర్చడం మనకు అలవాటు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతుల్లో సాధారణంగా `ta` అంటే త, `tha` అంటే థ, `da` అంటే ద, `dha` అంటే ధ. పేరు రాసే అలవాటుతో కొడితే అడగని ఒత్తు వచ్చి పడుతుంది. తెర మీద వచ్చిన మాటను ఒకసారి చూసి పంపండి.

చుట్టం గుర్తుకు రానప్పుడు నిఘంటువు తెరవండి. 1885 నాటి శబ్దరత్నాకరం ఈ పనికి ఇప్పటికీ బాగా ఉపయోగపడుతుంది. మాట మొదటి అక్షరం మీదే అనుమానమైతే రెండు చోట్లా వెతకాలి. బ కింద కనిపించకపోతే భ కింద చూడండి. దొరికాక ఆ ఒక్క మాటను చూసి పుస్తకం మూయకండి. పైనా కిందా ఉన్న అదే ఇంటి మాటలను కూడా చదివితే ఒక అనుమానంతో పదింటికి జవాబు దొరుకుతుంది.

8. అభ్యాసం

కింది జంటల్లో సరైనదాన్ని ఎంచుకోండి. ఎంచుకోవడంతో ఆగకుండా, ఏ చుట్టం సాక్ష్యం చెప్పిందో పక్కన రాయండి. కారణం రాయలేకపోతే జవాబు సరైనదైనా అది ఊహే.

1. మనస్థాపం, మనస్తాపం
2. మద్యపానం, మధ్యపానం
3. దగ్దం, దగ్ధం
4. షష్ఠిపూర్తి, షష్టిపూర్తి
5. ఆదరణ, ఆధరణ
6. వాగ్ధానం, వాగ్దానం
7. ప్రతిష్ట, ప్రతిష్ఠ
8. శతాబ్ది, శతాబ్ధి

జవాబులు:

1. మనస్తాపం. మనస్, తాపం కలిశాయి. మనసు తపించింది, ఎక్కడా నిలవలేదు.
2. మద్యపానం. మదం కలిగించేది మద్యం. మధ్య అంటే నడుమ.
3. దగ్ధం. దహనంలో హ ఉంది.
4. షష్టిపూర్తి. షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరోది. సుబ్రహ్మణ్య షష్ఠి తిథి కాబట్టి ఠ, అరవై ఏళ్లు నిండిన వేడుక కాబట్టి ట.
5. ఆదరణ. ఆదరం దీని చుట్టం. ఆధారం వేరే ఇంటిది, ధారణకు చుట్టం.
6. వాగ్దానం. దానానికి ఒత్తు లేదు.
7. ప్రతిష్ఠ. ప్రతి తర్వాత వచ్చిన స్థా.
8. శతాబ్ది. అబ్దం నుంచి వచ్చింది.

తప్పిన వాటిని, వాటి చుట్టాలతో సహా ఒక కాగితం మీద రాసి మీరు రాసుకునే చోట పెట్టుకోండి. ఆ పట్టిక ఎవరిది వారికే వేరుగా ఉంటుంది. కొందరు థ దగ్గరే తడబడతారు, కొందరు ష్ఠ దగ్గరే. ఇక మీదట ఏది రాసినా, ముగించాక ఒత్తుల కోసం విడిగా ఒకసారి చదవండి. ఆ చదవడంలో మీ పట్టికలో ఉన్న జంటలను మాత్రమే వెతకండి.